అరువు కొనుగోలు బిల్లు 2బిలో కనబడలేదు, చిట్టా పద్దు ఎలా వ్రాయాలి?

కొత్త గుమాస్తా · సెప్టెంబరు 15, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. నేను ఒక ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. చేరి మూడు నెలలైంది. ఒక్క బిల్లు దగ్గర నిన్నటి నుంచి ఆగిపోయాను.

బిల్లు తేదీ ఆగస్టు 28. మా రాష్ట్రంలోనే ఉన్న సరఫరాదారు దగ్గర అరువుకు కొన్నాం. వంద వైరు కాయిల్స్, ఒక్కొక్కటి 840 రూపాయలు, అంటే 84,000. రవాణా 1,000 కూడా అదే బిల్లులో వేశారు. ఈ 85,000 మీద 9 శాతం చొప్పున సీజీఎస్టీ 7,650, ఎస్‌జీఎస్టీ 7,650. అడుగున మొత్తం 1,00,300. సరుకు 29న చేరింది. దగ్గరుండి లెక్క పెట్టించాను, వందా ఉన్నాయి.

ఆ రోజు నేను వ్రాసిన పద్దు ఇది:

కొనుగోళ్ల ఖాతా, డెబిట్ 84,000
లోపలి రవాణా ఖాతా, డెబిట్ 1,000
ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, డెబిట్ 7,650
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా, డెబిట్ 7,650
సరఫరాదారు ఖాతా, క్రెడిట్ 1,00,300

నిన్న ఆగస్టు నెల జీఎస్టీఆర్-2బి, అంటే సరఫరాదారులు చూపించిన బిల్లులతో పోర్టలు ఇచ్చే పట్టిక, వచ్చింది. అందులో ఈ బిల్లు లేదు. మా ఆఫీసులో సీనియర్ చూసి, "2బిలో లేని పన్ను మనది కాదు. మొత్తం 1,00,300 కొనుగోళ్ల ఖాతాకే వెయ్యి. వచ్చినప్పుడు తిప్పి వ్రాద్దాం" అన్నారు. ఆయన చెప్పినట్టు మార్చి చూశాను. అంకణా అలా వ్రాసినా సరిపోతోంది, ఇలా వ్రాసినా సరిపోతోంది. మరి తప్పెక్కడుందో ఎలా తెలుస్తుంది? 20వ తేదీలోగా నెలవారీ రిటర్ను 3బి వేయాలి.

శ్రీకారం · సెప్టెంబరు 15, ఉదయం 11:05

ఇంత ఆలోచన ఎందుకండీ? 2బిలో లేని బిల్లును పుస్తకాల్లో ఎక్కించనే కూడదు. పక్కన ఫైలులో పెట్టండి. ఏ నెల 2బిలో కనబడితే ఆ నెలలో పద్దు వ్రాయండి. నేను నాలుగేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. పుస్తకాలూ పోర్టలూ ఎప్పుడూ ఒక్క రూపాయి తేడా లేకుండా ఉంటాయి.

ఆవర్జా · సెప్టెంబరు 15, మధ్యాహ్నం 12:30

శ్రీకారం గారూ, మీ మాటలో సగం నిజం. 2బిలో లేని పన్నును 3బిలో తీసుకోకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను. 2022 జనవరి 1 నుంచి చట్టమే ఆ షరతు పెట్టింది. సరఫరాదారు తన రిటర్నులో చూపించి, అది మనకు చేరితేనే క్రెడిట్. కానీ అది పన్ను రిటర్నుకు పెట్టిన షరతు. పుస్తకాల్లో కొనుగోలు వ్రాయడానికి పెట్టిన షరతు కాదు.

వంద కాయిల్స్ 29న గోదాములోకి వచ్చాయి. ఆ రోజే దుకాణం 1,00,300 బాకీ పడింది. సరఫరాదారు 2బిలో చూపించలేదని ఆ బాకీ ఆగదు కదా. మీ పద్ధతిలో ఆగస్టు 31న సరుకు ఉంటుంది, దాని కొనుగోలు ఉండదు. ఆ సరుకులో కొంత అమ్మితే అమ్మకం ఉంటుంది, దాని ఖరీదు ఉండదు. సరఫరాదారు నెలాఖరున ఖాతా నకలు పంపితే లక్ష రూపాయల తేడా వస్తుంది. పోర్టలుతో సరిపోయాయని సంతోషిస్తున్న పుస్తకాలు గోదాముతో సరిపోవడం లేదు.

గుమాస్తా గారూ, మీ పద్దు చాలావరకు సరైనదే. సరఫరాదారుకు పూర్తి బిల్లు మొత్తం క్రెడిట్, కొనుగోలుకు పన్ను లేని ధర. ఆ రెండూ కదపకండి. మార్చవలసింది పన్ను ఖాతాల పేరు ఒక్కటే. దాని గురించి సాయంత్రం వివరంగా వ్రాస్తాను. ఈలోగా ఒక్కటి చెప్పండి. ఆ సరఫరాదారు రిటర్ను నెలకోసారి వేస్తారా, మూడు నెలలకోసారా?

బీకాం బెంచి · సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:10

నేను రెండో సంవత్సరం విద్యార్థిని. మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటున్నారు, పద్దులో మాత్రం ఆ ఖాతాను డెబిట్ చేస్తున్నారు. అరువుకు కొనడాన్ని కూడా క్రెడిట్ కొనుగోలు అంటారు. పోర్టల్లో చూస్తే ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ అని ఉంటుంది. ఇన్ని క్రెడిట్ల మధ్య డెబిట్ ఎలా వచ్చింది?

లెక్కల మాస్టారు · సెప్టెంబరు 15, మధ్యాహ్నం 2:45

బాబూ, మంచి ప్రశ్న. నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు దీని దగ్గర ఆగుతారు.

బ్యాంకు పాసుపుస్తకం తీసుకో. నువ్వు వెయ్యి రూపాయలు జమ చేస్తే బ్యాంకు దాన్ని క్రెడిట్ వైపు వ్రాస్తుంది, ఎందుకంటే ఆ వెయ్యి బ్యాంకు నీకు బాకీ. అదే వెయ్యిని నీ పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ వ్రాసుకుంటావు, ఎందుకంటే అది నీ ఆస్తి. పోర్టల్లో ఉన్న క్రెడిట్ లెడ్జరు పాసుపుస్తకం లాంటిది, ప్రభుత్వం వైపు నుంచి వ్రాసిన లెక్క. గుమాస్తా గారి 15,300 దుకాణం సరఫరాదారు ద్వారా కట్టే పన్ను. రేపు అమ్మకాల మీద కట్టవలసిన పన్నులో ఇది తగ్గుతుంది. అంటే దుకాణానికి రావలసిన సొమ్ము, ఆస్తి. కనుక డెబిట్.

అరువు అనే అర్థంలో వచ్చే క్రెడిట్ వేరు. అది సరఫరాదారు ఖాతాలో కనబడుతోంది చూడు, 1,00,300 దగ్గర. మాట ఒకటే, వైపులు వేరు.

చిన్న కొట్టు · సెప్టెంబరు 15, సాయంత్రం 4:20

మా ఫ్యాన్సీ దుకాణానికి వచ్చే బిల్లులన్నీ మొత్తంగా కొనుగోళ్లకే వ్రాస్తాం. ఇన్‌పుట్ ఖాతా అనేదే మా పుస్తకాల్లో లేదు. రిటర్నులు చూసే ఆయన ఎప్పుడూ తప్పు అనలేదు. కాబట్టి మీ సీనియర్ గారి మాటే సరైనదేమో. మేము ఇన్నాళ్లూ పన్ను వదులుకుంటున్నామా ఏమిటి?

ఆవర్జా · సెప్టెంబరు 15, రాత్రి 8:15

చిన్న కొట్టు గారూ, మీరు కాంపోజిషన్ పథకంలో ఉన్నారా? ఉంటే మీ పద్దు పూర్తిగా సరైనది. ఆ పథకంలో ఉన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. మీరు కట్టిన పన్ను తిరిగి రాదు కనుక అది సరుకు ఖరీదులో కలిసిపోతుంది. గుమాస్తా గారికి ఆ పన్ను తిరిగి వస్తుంది కనుక ఖరీదులో కలవకూడదు. ఒకే బిల్లు రెండు దుకాణాల్లో రెండు రకాలుగా వ్రాయాలి, రెండూ సరైనవే.

ఇక అసలు విషయం. అంకణా రెండు విధాలా సరిపోవడంలో వింత లేదు. డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం సమానమైతే అది సరిపోతుంది. డెబిట్ ఏ ఖాతాలో పడిందో దానికి పట్టదు. తప్పు బయటపడేది సరుకు దగ్గర.

రవాణా కలిపితే ఒక కాయిల్ మీకు పడిన ధర 850. సీనియర్ చెప్పినట్టు వ్రాస్తే 1,003 అవుతుంది. ఆగస్టు 31లోగా 60 అమ్మి, 40 గోదాములో మిగిలాయనుకోండి. మిగిలిన సరుకు విలువ 34,000 ఉండాలి, మీరు 40,120 చూపిస్తారు. 6,120 ఎక్కువ. అమ్మిన అరవై ఖరీదులో 9,180 ఎక్కువ పడుతుంది, ఆ నెల లాభం అంత తగ్గుతుంది. రెండూ కలిపితే మీ పన్ను 15,300. తర్వాత తిప్పి వ్రాసినప్పుడు ఆ తగ్గిన లాభం మరో నెలలో వచ్చి పడుతుంది. ఒక నెల లాభం పడిపోయి, ఇంకో నెల కారణం లేకుండా పెరిగితే యజమానికి ఏమని చెబుతారు?

అందుకే పన్నును కొనుగోలులో దాచకుండా, అలాగని వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇన్‌పుట్ ఖాతాలో కూడా పెట్టకుండా, మధ్యలో ఒక ఖాతా తెరవండి. నేను దాన్ని "2బి రావలసిన సీజీఎస్టీ", "2బి రావలసిన ఎస్‌జీఎస్టీ" అని పిలుస్తాను. మీ పద్దులో 7,650 చొప్పున వాటికి డెబిట్ వ్రాయండి, మిగతాది అలాగే ఉంచండి. ఆగస్టు 3బిలో ఈ బిల్లు ఊసే వద్దు. ఏ నెల 2బిలో కనబడుతుందో ఆ నెలాఖరు తేదీతో రెండో పద్దు:

ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, డెబిట్ 7,650
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా, డెబిట్ 7,650
2బి రావలసిన సీజీఎస్టీ ఖాతా, క్రెడిట్ 7,650
2బి రావలసిన ఎస్‌జీఎస్టీ ఖాతా, క్రెడిట్ 7,650

సరఫరాదారు ఖాతాను, సరుకును ఈ రెండో పద్దు ముట్టుకోదు. ఇక ఇన్‌పుట్ ఖాతా నిల్వ పోర్టల్లోని క్రెడిట్ లెడ్జరుతో సరిపోతుంది. శ్రీకారం గారు కోరుకునే సరిపోలిక అక్కడ దొరుకుతుంది, గోదాము లెక్క చెడకుండా.

టోకు లెక్కలు · సెప్టెంబరు 15, రాత్రి 9:50

ఆవర్జా గారి మాట సిద్ధాంతంగా బాగుంది. మా దగ్గర నెలకు నాలుగు వందల బిల్లులు వస్తాయి, వాటిలో ముప్పై నలభై ఆ నెల 2బిలో ఉండవు. ఒక్కోదానికి రెండు పద్దులంటే మనిషి చాలడు. మేము ఇన్‌పుట్ ఖాతా ఒక్కటే ఉంచుతాం. నెల చివర 2బితో పోల్చి, రాని బిల్లులను తేదీ, నంబరు, పన్ను మొత్తంతో విడిగా జాబితా వ్రాసుకుంటాం. పుస్తకంలో నిల్వ, పోర్టల్లో నిల్వ, మధ్యలో ఈ జాబితా. బ్యాంకు సరిపోలిక పట్టిక వ్రాసినట్టే. ఆడిటరు ఏటా చూస్తున్నారు, అభ్యంతరం చెప్పలేదు.

ఆవర్జా · సెప్టెంబరు 15, రాత్రి 10:20

జాబితా ప్రతి నెలా కచ్చితంగా వ్రాస్తే నాకూ అభ్యంతరం లేదు. నా భయం ఒక్కటే. అమ్మకాల పన్నుకు ఇన్‌పుట్‌ను సర్దే పద్దు వ్రాసేటప్పుడు చేయి ఖాతా నిల్వ మీదికి పోతుంది, జాబితా మీదికి పోదు. ఒకసారి 3బిలో అలా ఎక్కువ తీసుకున్న లెక్కను నేను సరిచేయవలసి వచ్చింది. 2బి కన్నా 3బిలో తేడా హద్దు దాటితే పోర్టలు DRC-01C అనే ఫారం పంపుతుంది. ఏడు రోజుల్లో ఆ ఎక్కువ మొత్తం వడ్డీతో కట్టాలి, లేదా కారణం చెప్పాలి. వేరే ఖాతా ఉంటే ఆ పొరపాటుకు చోటే ఉండదు.

టోకు లెక్కలు · సెప్టెంబరు 15, రాత్రి 10:35

చేయి ఎటు పోవాలో నేర్పడం మన పని. ఒక నెలలో నలభై పద్దులు పెంచితే ఆ పద్దుల్లోనే కొత్త పొరపాట్లు వస్తాయి. ఈ విషయంలో మీతో ఏకీభవించలేను.

కొత్త గుమాస్తా · సెప్టెంబరు 16, ఉదయం 9:30

ఆవర్జా గారూ, మీరు అడిగినట్టు సరఫరాదారుకు ఫోను చేశాను. ఆయన మూడు నెలలకోసారి రిటర్ను వేస్తారట. "సెప్టెంబరు రిటర్నులో వస్తుంది, కంగారు పడకండి" అన్నారు. మా దగ్గర ఇలాంటివి నెలకు రెండో మూడో ఉంటాయి కనుక వేరే ఖాతాలే తెరిచాను. ఒక సందేహం. సెప్టెంబరు 3బిలో దీన్ని ఎక్కడ చూపించాలి?

శ్రీకారం · సెప్టెంబరు 16, ఉదయం 10:10

పాత బిల్లు కనుక తిరిగి తీసుకున్న క్రెడిట్ కింద, 4(D)(1)లో చూపించాలి. ఆ గడి ఉన్నదే అందుకు.

ఆవర్జా · సెప్టెంబరు 16, ఉదయం 11:00

కాదండీ. 4(D)(1) ఒకసారి 4(A)లో చూపించి, 4(B)(2)లో తిప్పేసి, మళ్లీ తీసుకున్నవాటికి. గుమాస్తా గారు ఆగస్టులో అసలు తీసుకోలేదు, తిప్పనూ లేదు. సెప్టెంబరులో ఇది మొదటిసారి. మిగతా బిల్లులతో కలిపి 4(A)(5)లో చూపిస్తే చాలు. సరుకు దారిలో ఉండగానే బిల్లు 2బిలో వచ్చేసిన సందర్భంలో అయితే మీరు చెప్పిన గడి అవసరమవుతుంది, ఎందుకంటే సరుకు అందేదాకా క్రెడిట్ మనది కాదు.

మూడు నెలల రిటర్ను వేసేవారు మొదటి రెండు నెలల బిల్లులను మరుసటి నెల 13లోగా ఐఎఫ్ఎఫ్ అనే పోర్టలు సదుపాయం ద్వారా పంపవచ్చు, అది వారి ఇష్టం. పంపితే ఆగస్టు బిల్లు ఆగస్టు 2బిలోనే కనబడేది. ఇలాంటి సరఫరాదారులతో కొనేటప్పుడే ఆ సంగతి అడిగి పెట్టుకోవడం మంచిది.

బీకాం బెంచి · సెప్టెంబరు 16, మధ్యాహ్నం 12:40

వాళ్లు ఎప్పటికీ చూపించకపోతే ఆ మధ్య ఖాతా అలాగే ఉండిపోతుందా?

లెక్కల మాస్టారు · సెప్టెంబరు 16, సాయంత్రం 5:15

ఉండిపోకూడదు. ఈ ఆర్థిక సంవత్సరపు బిల్లుకు, సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 గడువు. వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ రోజే గడువు. అది దాటితే పన్ను తిరిగి రాదు, ఆస్తిగా చూపించడానికి లేదు. అప్పుడు నష్టంగా వ్రాయాలా, సరఫరాదారు ఖాతాకు డెబిట్ చేసి ఆయన దగ్గర వసూలు చేయాలా అన్నది మీ మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కొనుగోలు ఆర్డరులో ఆ షరతు వ్రాసుకోని చోట ఎవరు భరించాలో నేను ఖచ్చితంగా చెప్పను.

కొత్త గుమాస్తా · అక్టోబరు 15, ఉదయం 10:05

నిన్న సెప్టెంబరు 2బి వచ్చింది. బిల్లు ఉంది. నంబరు, ఆగస్టు 28 తేదీ, 7,650 చొప్పున పన్ను అన్నీ సరిపోయాయి. సెప్టెంబరు 30 తేదీతో రెండో పద్దు వ్రాశాను, మధ్య ఖాతా నిల్వ సున్నా అయింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. అమ్మిన కాయిల్స్‌లో కొన్నిటికి పైతొడుగు పగులుతోందని కొనుగోలుదారులు ఫిర్యాదు చేశారు. యజమాని సగం, అంటే 50,150 మాత్రమే కట్టి, మిగతాది తేలేదాకా ఆపమన్నారు. పన్ను మొత్తం తీసుకున్నాం కదా, దీనికి ఏమైనా అవుతుందా?

ఆవర్జా · అక్టోబరు 15, మధ్యాహ్నం 1:25

ఇప్పుడే ఏమీ కాదు, కానీ క్యాలెండరులో ఒక తేదీ వ్రాసుకోండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరుకు ధర, పన్ను రెండూ చెల్లించాలి. లెక్క 2బిలో కనబడిన రోజు నుంచి కాదు, సరుకు అందిన రోజు నుంచి కూడా కాదు. ఆగస్టు 28 నుంచి లెక్కిస్తే 180వ రోజు ఫిబ్రవరి 24.

అప్పటికీ సగమే కట్టి ఉంటే, కట్టని సగానికి సంబంధించిన పన్ను 7,650ను తరువాతి పన్ను కాలపు 3బిలో వెనక్కి ఇవ్వాలి. వాడుకుని ఉంటే వడ్డీ కూడా. అప్పుడు పద్దు:

తిరిగి తీసుకోవలసిన ఇన్‌పుట్ క్రెడిట్ ఖాతా, డెబిట్ 7,650
ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, క్రెడిట్ 3,825
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా, క్రెడిట్ 3,825

సరఫరాదారు ఖాతాలో 50,150 బాకీ అలాగే నిలుస్తుంది. తర్వాత ఎప్పుడు కట్టినా ఆ క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు, దానికి నవంబరు 30 గడువు అడ్డు రాదు. శ్రీకారం గారు చెప్పిన 4(D)(1) ఈ బిల్లుకు అవసరమయ్యేది అప్పుడే.

టోకు లెక్కలు · అక్టోబరు 15, సాయంత్రం 6:00

దీనిలో ఆవర్జా గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. గుమాస్తా గారూ, సరఫరాదారు తప్పు ఒప్పుకుంటే ఫిబ్రవరి దాకా ఆగవద్దు. పాడైన కాయిల్స్‌కు పన్నుతో సహా క్రెడిట్ నోటు అడగండి. ఆ నోటు 2బిలో వస్తుంది, ఆ మేరకు క్రెడిట్ తగ్గించి, సరఫరాదారు ఖాతా డెబిట్ చేస్తే బాకీ తగ్గుతుంది. మిగిలింది కట్టేస్తే 180 రోజుల బాధ ఉండదు. పగిలినవి ఎన్నో లెక్క పెట్టారా?

కొత్త గుమాస్తా · అక్టోబరు 15, సాయంత్రం 7:20

గోదాములో మిగిలిన 40లో పదకొండు పగిలాయి. అమ్మిన వాటిలో ఇప్పటికి నాలుగు తిరిగి వచ్చాయి. రేపు ఈ పదిహేనింటి జాబితాతో సరఫరాదారును క్రెడిట్ నోటు అడుగుతాను. బిల్లులో వేసిన రవాణాలో ఈ పదిహేను కాయిల్స్ వాటా కూడా నోటులో కలపమనాలా, వద్దా? మా సీనియర్ వద్దంటున్నారు.